రేషన్ కార్డులో పేరు తీయించడానికి వెళ్తున్నారా? రసీదు చూడకుండా డబ్బులు ఇవ్వకండి

మా మండల కేంద్రంలో బస్టాండ్ దగ్గరి మీసేవ సెంటర్ గురించి రాస్తున్నాను. మన ఊళ్ల వాళ్లంతా అక్కడికే వెళ్తాం కాబట్టి పేరు చెప్పనక్కర్లేదు.

పని రెండు ముక్కలు. మా కార్డులో నాలుగు నెలల మా పాపను చేర్పించాలి, పెళ్లయి వెళ్లిన మా చెల్లి పేరు తీయించాలి. పాపకు జనన ధ్రువపత్రం, నీలం రంగు బాల ఆధార్ రెండూ ఉన్నాయి. "రెండూ నేను చూసుకుంటా అన్నా" అని ఆపరేటర్ 1,500 తీసుకున్నాడు. రసీదు ఒక్కటే ఇచ్చాడు. చెల్లిది ఏదని అడిగితే దాని వెనకాల నీలం పెన్నుతో "డిలీషన్ ఓకే" అని రాసిచ్చాడు. నేను మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ పూట ఒక్క నిమిషం ఆగి అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

అటు బావ వాళ్ల కార్డులో చెల్లినీ వాళ్ల బాబునూ చేర్చమని దరఖాస్తు పెట్టారు. చెల్లి ఆధార్ ఇంకా మా కార్డులోనే ఉందని తిరస్కరించారు. ఒక ఆధార్ రెండు కార్డుల్లో ఎక్కదు. పుట్టింటి కార్డులో పేరు పోతేనే అత్తింటి కార్డులో చేరుతుంది.

నిన్న బావను వెంటబెట్టుకుని సెంటర్‌కు వెళ్లాను. డిలీషన్ దరఖాస్తే పెట్టలేదని తేలింది. ఎందుకు పెట్టలేదంటే, పదిమంది ముందు వాడు అన్న మాట: "పేరు తీస్తే మీకే ఆరు కిలోలు తగ్గుతాయి కదా, మీ మంచికే ఆపాను." బావ నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. చెల్లి వాటా బియ్యం కోసం నేనే ఆపించానని అనుకున్నాడు. నేను అలా అనలేదని చెప్పమంటే వాడు తల కూడా ఎత్తలేదు, తర్వాతి వాళ్ల కాగితాలు అందుకున్నాడు. రాత్రి చెల్లి ఫోన్ చేసి "నిజమా అన్నా?" అని అడిగింది. 1,500 పోయినందుకు కాదు, ఆ ఒక్క ప్రశ్నకే నాకు నిద్ర పట్టలేదు.

ఈరోజు వేరే సెంటర్‌లో డిలీషన్‌కు విడిగా దరఖాస్తు పెట్టి, ఆ రసీదు ఫోటో బావకు పంపాను. ఇంకా జవాబు రాలేదు.

చేర్చడం, తీయడం వేర్వేరు దరఖాస్తులు. రెండింటికీ వేర్వేరు నంబర్లతో అచ్చు రసీదులు తీసుకోండి, ఏ సేవకు, ఎవరి పేరు మీద ఇచ్చారో కౌంటర్ దగ్గరే చదవండి. epds.telangana.gov.in లో FSC Search లోకి వెళ్లి కార్డు నంబర్ కొడితే సభ్యుల పేర్లు కనిపిస్తాయి. అక్కడ ఆడపిల్ల పేరు పోయిందని చూశాకే అత్తింటి వాళ్లను దరఖాస్తు పెట్టమనండి. పేరు పోయిన రోజే పెట్టమనండి, ఆలస్యమైతే ఆ అమ్మాయికి ఏ కార్డు మీదా బియ్యం రావు.