డైలీ చార్టులో పిన్ బార్, ఇన్‌సైడ్ బార్: నాలుగేళ్లు వాడాక నా సమీక్ష

బిట్‌కాయిన్ రోజువారీ క్యాండిల్, అంటే ఆ రోజు ధర మొదలు, ముగింపు, పై అంచు, కింది అంచు చూపే కడ్డీ, ముగిసేది మన టైమ్ ప్రకారం తెల్లవారుజామున 5:30కి. నాలుగేళ్లుగా నేను చార్టు చూసేది ఆ ఒక్కసారే. రాత్రి పదకొండింటికి అందమైన పిన్ బార్‌లా కనిపించింది తెల్లారేసరికి మామూలు ఎర్ర క్యాండిల్‌గా మిగిలిపోవడం ఎన్నోసార్లు చూశాను. అందుకే క్యాండిల్ పూర్తిగా ముగియకుండా ఆర్డర్ పెట్టను. ఇంకో అలవాటు కూడా ఉంది. చార్టు డాలర్ ధరలోనే చూస్తాను. రూపాయి జతలో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తక్కువ. ఒక్క పెద్ద ఆర్డర్ పడితే చాలు, లేని తోక, అంటే ధర కాసేపు వెళ్లి వెనక్కి వచ్చినట్టు చూపే సన్న గీత, పుట్టుకొస్తుంది.

నా దృష్టిలో కింది వైపు పిన్ బార్ అంటే ఇది: మొత్తం క్యాండిల్ పొడవులో తోక కనీసం మూడింట రెండు వంతులు ఉండాలి, బాడీ, అంటే మొదలు, ముగింపు ధరల మధ్య భాగం, పై మూడో వంతులో ఉండాలి, తోక చివర చుట్టుపక్కల క్యాండిల్స్ కంటే కిందికి పొడుచుకొచ్చి ఉండాలి. ఇది కంటితో అంచనా వేసే పని కాదు, లెక్క కట్టాలి. 2024 ఆగస్టు 5 నాటి క్యాండిల్‌నే తీసుకోండి. 58 వేల డాలర్ల దగ్గర మొదలై, 49 వేల దాకా పడి, 54 వేల దగ్గర ముగిసింది. తోక పెద్దదే, కానీ మొత్తంలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. బాడీ కూడా పై మూడో వంతులో ఇమడకుండా మధ్య దాకా దిగింది. ఆ తర్వాత ధర పెరిగింది నిజమే, అయినా నా లెక్కలో అది పిన్ బార్ కాదు.

పక్కా పిన్ బార్ చూడాలంటే 2025 జనవరి 13కి వెళ్లండి. అంతకుముందు నవంబరు చివర నుంచి బిట్‌కాయిన్ పడినప్పుడల్లా సుమారు 91, 92 వేల దగ్గర ఆగుతూ వచ్చింది. ఆ రోజు 94,500 దగ్గర మొదలైంది, ఆ సపోర్ట్‌ను పగలగొట్టి 89,200 దాకా జారింది, మళ్లీ లేచి మొదలైన చోటికే వచ్చి ముగిసింది. పై అంచు దాదాపు 95,900. మొత్తం పొడవు 6,700 డాలర్లు, అందులో తోకే 5,300. సపోర్ట్ పోయిందని అమ్మినవాళ్లంతా ఆ తోకలో ఇరుక్కుపోయారు. అదే తోక సపోర్ట్ ఏదీ లేని చోట, చార్టు మధ్యలో వస్తే నేను పట్టించుకోను.

ట్రిగ్గర్ సింపుల్. పిన్ బార్ పై అంచు దాటితే కొనాలి, కింది అంచు పోతే బయటికి రావాలి. రౌండ్ చేసుకుని 96,000కి కొనుగోలు ఆర్డర్, 89,000కి స్టాప్ పెట్టాను. తేడా 7,000, అంటే దాదాపు 7.3 శాతం. ఒక ట్రేడ్‌లో మొత్తం పెట్టుబడి మీద 1 శాతానికి మించి పోగొట్టుకోను అన్నది నా నియమం. 2 లక్షల మీద అది 2,000 రూపాయలు. 7.3 శాతం పడితే 2,000 పోవాలంటే కొనాల్సింది సుమారు 27,400 రూపాయలకే. మొదట్లో ఇంత చిన్న మొత్తమా అనిపించేది. కానీ డైలీ చార్టులో స్టాప్ దూరంగా ఉంటుంది కాబట్టి మొత్తం చిన్నదిగానే ఉండాలి. లేకపోతే ఆ టెన్షన్‌కి మధ్యలోనే అమ్మేస్తాం.

14న ట్రిగ్గర్ పడింది. 17న 103,000 దాటింది, అంటే రిస్క్ చేసినంత లాభం. అక్కడ సగం అమ్మి, మిగతా సగానికి స్టాప్‌ను కొన్న ధరకే జరిపాను. 20న ధర 109,000 దాకా వెళ్లింది. నా రెండో టార్గెట్ 110,000. అందలేదు. ఫిబ్రవరి మొదట్లో అమెరికా సుంకాల వార్తలతో మార్కెట్ పడినప్పుడు మిగతా సగం కొన్న ధరకే బయటపడింది. చేతికొచ్చిన లాభం దాదాపు 1,000 రూపాయలు.

ఈ పద్ధతి మీద నా అభిప్రాయం మారింది ఇక్కడే. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కాయిన్ లాభాల మీద 30 శాతం పన్ను, సెస్‌తో కలిపి 31.2. ఒక ట్రేడ్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో ట్రేడ్ లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. స్టాప్ పడితే పోయే 2,000 పూర్తిగా నాదే, వచ్చిన 1,000లో మాత్రం నాకు మిగిలేది 688. ఇంకో లెక్క చూడండి. మూడు ట్రేడ్‌లలో ఒకటి రిస్క్‌కి రెండింతలు ఇచ్చి, రెండు స్టాప్ కొట్టాయనుకుందాం. 4,000 వచ్చి 4,000 పోయింది, చార్టు ప్రకారం సమానం. కానీ పన్ను కట్టాక నా జేబులోంచి 1,248 పోతుంది. విదేశాల వాళ్లు చెప్పే ‘సగం అమ్ము, స్టాప్ జరుపు’ అనే సలహాని మన దగ్గర అలాగే దింపుకుంటే నష్టమే.

అందుకే ఇప్పుడు సగం అమ్మడం మానేశాను. పైన ధర ఆగే తర్వాతి రెసిస్టెన్స్ దాకా రిస్క్‌కి కనీసం రెండింతల చోటు లేకపోతే ఆ పిన్ బార్‌ను వదిలేస్తాను. ఈ నియమం ప్రకారం 2025 జనవరి ట్రేడ్ కూడా వదిలేయాల్సిందే, ఎందుకంటే డిసెంబరులో వచ్చిన 108 వేల శిఖరం అడ్డంగా ఉంది. 96 నుంచి 108కి 12 వేలే, కావాల్సింది 14 వేలు.

ఇన్‌సైడ్ బార్ నాకు నిజంగా పనికొచ్చింది ఈ చోటు సమస్యకే. ముందు రోజు క్యాండిల్ పై అంచు, కింది అంచు మధ్యలోనే ఈ రోజు క్యాండిల్ మొత్తం ఇమిడిపోతే అది ఇన్‌సైడ్ బార్. సపోర్ట్ దగ్గర పిన్ బార్ వచ్చి, మర్నాడు దాని లోపల ఇన్‌సైడ్ బార్ ఏర్పడితే నాకు అన్నిటికంటే ఇష్టం. పిన్ బార్ 90 నుంచి 100 దాకా ఉండి, ఇన్‌సైడ్ బార్ పై అంచు 97 అయితే, 97 దాటగానే కొని స్టాప్ 90 కిందే ఉంచుతాను. రిస్క్ 10 బదులు 7. రెండింతల టార్గెట్ 120 నుంచి 111కి దిగుతుంది.

ఒంటరి ఇన్‌సైడ్ బార్‌తో మాత్రం చాలా దెబ్బలు తిన్నాను, ముఖ్యంగా శని, ఆదివారాల్లో. శుక్రవారం పెద్ద క్యాండిల్ పడితే వారాంతంలో కొనుగోళ్లు తగ్గి, లోపల చిన్న చిన్న క్యాండిల్స్ వాటంతటవే వస్తాయి. అది జనం లేని బజారు, అంతే. సోమవారం పొద్దున ఒక వైపు పగలగొట్టి, సాయంత్రానికి రెండో వైపు వెళ్లిపోతుంది. వారాంతపు ఇన్‌సైడ్ బార్‌ను ఇప్పుడు అసలు లెక్కలోకి తీసుకోను.

స్టాప్ గురించి ఒక్క మాట. నేను మొదట వాడిన ఎక్స్‌ఛేంజ్‌లో స్టాప్-లిమిట్ ఆర్డర్ ఒక్కటే ఉండేది, అంటే ట్రిగ్గర్ ధర తాకాక అమ్మకానికి వెళ్లినా లిమిట్ ధర కంటే తక్కువకు అమ్మదు. ట్రిగ్గర్, లిమిట్ రెండూ ఒకే ధర పెట్టాను. రాత్రి ధర ఆ అంకెను ఒక్క ఊపులో దాటేసింది, ఆర్డర్ నిండలేదు. 5:30కి లేచి చూస్తే 7 శాతం కావాల్సిన నష్టం 13 శాతం అయింది. అప్పటి నుంచి అమ్మే లిమిట్‌ను ట్రిగ్గర్ కంటే 1 శాతం కిందికి పెడుతున్నాను. 89,000 ట్రిగ్గర్ అయితే లిమిట్ 88,100. చిన్న కాయిన్లలో 1 శాతం సరిపోదు, 3 శాతం పెట్టినా నిండని రోజులున్నాయి. అందుకే ఈ పద్ధతిని బిట్‌కాయిన్, ఈథర్ రెండింటికే పరిమితం చేశాను. వాటిలో నా నియమాలన్నిటికీ నిలబడే బార్ కొన్ని నెలల్లో ఒక్కటీ రాదు. ఆ నెలల్లో 5:30కి చార్టు చూసి, మూసేసి, టీ పెట్టుకుంటాను.