మాక్ టెస్ట్ తర్వాత షార్ట్ నోట్స్: కలుపుతూ పోవడమా, తిరగరాయడమా, కుదించడమా? ఏది మేలు?

మా చెల్లెలు ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌కి చదువుతోంది. మూడో మాక్ రాసి వచ్చిన రాత్రి నోట్స్ ముందేసుకుని కూర్చుంది. 60 పేజీలతో మొదలైన షార్ట్ నోట్స్ అప్పటికి 94 పేజీలైంది. "అక్కా, ఇది ఒక్కసారి తిరగేయడానికే వారం పడుతోంది. ఇక కొత్తవి ఎక్కడ కలపను?" అంది.

ఆ వారం మేమిద్దరం మూడు దారులు పక్కపక్కన పెట్టి చూశాం. తప్పు పోయినవన్నీ చివర కలుపుతూ పోవడం ఒకటి. ప్రతి మాక్ తర్వాత నోట్స్ మొత్తం మళ్లీ రాసుకోవడం రెండోది. తప్పు పోయినవి కలుపుతూ, బాగా వచ్చేసినవి తగ్గించడం మూడోది. నా ఓటు మూడోదానికే. అయితే తగ్గించడంలో ఒక్క పొరపాటు చేస్తే అది మొదటిదానికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అదీ చూశాం.

కలుపుతూ పోవడంలో సుఖం ఉంది. అరగంటలో పని అయిపోతుంది, ఏదీ పోదు. ఇబ్బంది తర్వాత తెలుస్తుంది. నానాఘాట్ శాసనం వేయించినది ఎవరని మాక్‌లో అడిగితే మా చెల్లెలు గౌతమీ బాలశ్రీ అని పెట్టింది. ఇద్దరూ శాతవాహన రాణులే, జవాబు మాత్రం నాగానిక. ఆ రోజు 91వ పేజీలో "నానాఘాట్ - నాగానిక" అని రాసుకుంది. శాతవాహనులేమో 14వ పేజీలో ఉన్నారు. గౌతమీ బాలశ్రీ వేయించిన నాసిక్ శాసనం కూడా అక్కడే ఉంది. తను తప్పు చేసింది నానాఘాట్ తెలియక కాదు, ఈ రెంటినీ కలగలిపేసి. రెండూ 77 పేజీల దూరంలో ఉంటే ఆ చిక్కు ఎప్పటికి విడిపోతుంది? చివర కలిపినవాటిలో చాలావరకు ఇలాంటివే. తన చోటు విడిచిన వాక్యం రివిజన్‌లో కంటికి కనబడుతుంది గానీ బుర్రలో అతుక్కోదు.

మొత్తం తిరగరాయడం గురించి పెద్దగా చెప్పను. తనకి అది మూడు రోజుల పని. ఆ మూడు రోజుల్లో సగం, వచ్చినవాటినే అందంగా మళ్లీ రాయడానికి పోతుంది. సిలబస్సే మారితే మాత్రం తిరగరాయాల్సిందే. 2023 నోటిఫికేషన్‌కి ప్రిలిమ్స్‌లో భారతీయ సమాజం కొత్త విభాగంగా వచ్చింది. అలాంటప్పుడు పాత నోట్స్‌కి అతుకులు వేస్తూ కూర్చోవడం కన్నా కొత్త పుస్తకం తీయడమే నయం.

ఇక మూడో దారి. ఇది పరీక్ష అయ్యాక కాదు, పరీక్ష హాల్లోనే మొదలవుతుంది. గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు జవాబుకి మూడోవంతు మార్కు కోత. జవాబు దిద్దేటప్పుడు కొంచెం అనుమానం ఉన్నా సరే ప్రశ్న పక్కన ఒక చుక్క పెట్టమన్నాను. ఆ చుక్క లేకపోతే ఏది వచ్చిందో, ఏది తగిలిందో తర్వాత చెప్పలేం.

నాలుగో మాక్‌లో తను 128 రాసింది. 82 ఒప్పు, 46 తప్పు. కోత పోగా 66.67 మార్కులు. చుక్కలతో పోల్చి చూస్తే అసలు లెక్క బయటపడింది. ఒప్పైన 82లో 19కి చుక్క ఉంది, అంటే ఆ 19 వచ్చినవి కావు. నిజంగా వచ్చినవి 63. తప్పైన 46లో 34కి చుక్క ఉంది. మిగతా 12, గట్టిగా తెలుసనుకుని తప్పు పెట్టినవి.

నోట్స్‌లో ముందు చేరాల్సినవి ఆ 12. ఎందుకంటే తెలియనిదాన్ని మనం మళ్లీ చదువుతాం, తెలుసనుకున్నదాన్ని దాటేస్తాం. రాజ్యాంగంలో 338ఎ అధికరణం అంటే వెనుకబడిన తరగతుల కమిషన్ అని తను గట్టిగా నమ్మింది. 338 ఎస్సీ కమిషన్, 338ఎ ఎస్టీ కమిషన్ (2003లో 89వ సవరణ), 338బి బీసీ కమిషన్ (2018లో 102వ సవరణ). నోట్స్ తీసి చూస్తే అక్కడే తప్పు రాసి ఉంది. ఆ 12లో ఇంకో రెండు కూడా ఇలాగే నోట్స్‌లోంచి వచ్చినవే. అందుకే కలపడానికి ముందు పాత వాక్యాన్ని వెతికి ఎర్ర పెన్నుతో కొట్టేయాలి. తప్పు ఒక పేజీలో, ఒప్పు ఇంకో పేజీలో ఉంటే పరీక్షలో రెండూ గుర్తొస్తాయి. కలిపేది కూడా ఒక్క లైనే, ఆ అంశం ఉన్న పేజీ మార్జిన్‌లోనే, తికమక పెట్టే జంటతో కలిపి: "నానాఘాట్ - నాగానిక / నాసిక్ - గౌతమీ బాలశ్రీ". 34 చుక్కల తప్పుల్నీ ఇలాగే చేర్చింది. కీ తప్పనిపించినవాటిని పాఠ్యపుస్తకంతో సరిచూసేదాకా ఆపింది. మెంటల్ ఎబిలిటీలో పోయినవాటిని నోట్స్‌లోకే రానివ్వలేదు. అవి లెక్క చేస్తే వస్తాయి, చదివితే రావు.

తగ్గించడంలో మేము చేసిన పొరపాటు ఇదీ. మూడో మాక్‌లో సింధు నాగరికత మీద రెండు ప్రశ్నలు వచ్చాయి, రెండూ ఒప్పే. ఆ ఉత్సాహంలో రెండు పేజీల అంశాన్ని మొత్తం తీసేసింది. నాలుగో మాక్‌లో మట్టితో చేసిన నాగలి బొమ్మ ఎక్కడ దొరికిందని అడిగారు. కాలీబంగన్ అని పెట్టింది. కాలీబంగన్‌లో దొరికినవి దున్నిన పొలంలోని నాగలి చాళ్లు, బొమ్మ దొరికింది బనావలిలో. రెండు ప్రశ్నలు వచ్చినంత మాత్రాన అంశం వచ్చినట్టు కాదు. తీసేయాల్సింది అంశాన్ని కాదు, అందులోని లైన్లని.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఒక లైన్ రెండు వేర్వేరు మాక్‌లలో, చుక్క లేకుండా, రెండుసార్లూ ఒప్పైతేనే కదుపుతాం. మాక్‌లో రాని లైన్లయితే కాగితం మూసి చెల్లెల్ని నేనే అడుగుతాను, ఆప్షన్లు ఇవ్వకుండా. నాలుగు జవాబులు కళ్ల ముందుంటే గుర్తుపట్టడం తేలిక. ఆప్షన్ లేకుండా చెప్పగలిగిందే నిజంగా వచ్చింది. అలా సింధు నాగరికత రెండు పేజీలు నాలుగు లైన్లయ్యాయి. లోథాల్ ఓడరేవు, మొహెంజొదారో మహాస్నానవాటిక తనకి నిద్రలో లేపి అడిగినా వస్తాయి కాబట్టి అవి పోయాయి. కాలీబంగన్, బనావలి జంట మిగిలింది.

కోసిన కాగితాల్ని మాత్రం పారేయనివ్వలేదు. పాత పేజీ ఫైల్లో పెట్టి, కొత్త పేజీ మూలన దాని నంబర్ రాస్తుంది. కరెంట్ అఫైర్స్‌లో ఈ నియమం కొంచెం మార్చాం. ఈ నెల వచ్చిన పేరు వచ్చే నెలకి జారిపోతుంది, కాబట్టి అక్కడ రెండు మాక్‌ల మధ్య కనీసం మూడు వారాల ఎడం ఉంటేనే లైన్ తీస్తుంది.

ఐదో మాక్ తర్వాత నోట్స్ 71 పేజీలకు వచ్చింది. ఇప్పుడు ఒక రివిజన్ నాలుగు రోజుల్లో అవుతోంది. ప్రతి మూడో ఆదివారం ఫైల్లోంచి పది పాత లైన్లు తీసి అడుగుతున్నాను. కిందటిసారి రెండు చెప్పలేకపోయింది. ఆ రెండూ అదే రోజు మళ్లీ నోట్స్‌లోకి వచ్చాయి.