మూడేళ్లుగా వాడుతున్న గ్లూకోమీటరు, రాత్రి మూడింటికి అది చూపిన అంకె

చుక్క రక్తం చాలు, కొన్ని సెకన్లలో ఫలితం వస్తుంది. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ఈ మీటరు మెమరీ గురించి. ప్రతి పరీక్షనూ తేదీ, టైముతో దాచిపెడుతుంది. మా నాయనకు పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతోందో దాంతోనే తెలిసింది, అందుకే ఇదంటే నాకు అంత ఇష్టం.

మాది జడ్చర్ల దగ్గరి ఊరు. నాయన రాత్రి ఏడున్నరకు మిక్స్ ఇన్సులిన్ 20 యూనిట్లు తీసుకుని జొన్నరొట్టె తినేవాడు. పడుకునేటప్పుడు షుగర్ 150 లోపే ఉండేది, పరగడుపున మాత్రం 210 వచ్చేది. మేము చీటీ మీద రాసుకుపోయింది పరగడుపు అంకెలే. అవి చూసి డాక్టరు మందును 22 చేశారు, తర్వాత 24 చేశారు. పొద్దుటి షుగర్ తగ్గకపోగా 240 దాటింది.

మహబూబ్‌నగర్‌లో ఇంకో డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది, "రాత్రి మూడింటికి ఎంత ఉంటోంది?" అని. మా దగ్గర జవాబు లేదు. సాయంత్రం వేసిన మిక్స్‌లో నిదానంగా పనిచేసే భాగం అర్ధరాత్రి దాటాక జోరందుకుంటుందట. అప్పుడు షుగర్ బాగా పడిపోతే, ఒళ్లు భయపడి గ్లూకగాన్, అడ్రినలిన్ అనే హార్మోన్లను వదులుతుంది, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తోస్తుంది, పొద్దున అంకె ఎక్కువ కనిపిస్తుంది. దీన్నే సొమోజీ ఎఫెక్ట్ అంటారు. అదే అయితే మందు పెంచేకొద్దీ రాత్రి ఇంకా పడిపోతుంది.

ఆ రాత్రి మందు, తిండి ఏమీ మార్చలేదు. పదిన్నరకు 146 ఉంది. మూడింటికి అలారం పెట్టుకుని లేచాను. నాయన బనియను, దిండు తడిసి ఉన్నాయి. మీటరు 61 చూపింది. వంద లోపు అంకెలో 15 అటూ ఇటూ తేడా రావచ్చు కాబట్టి వేలు కడిగి, తుడిచి మళ్లీ చూశాను, 58. నాయనను లేపి మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటకు 89కి వచ్చింది. పొద్దున ఆరున్నరకు 198.

డాక్టరుకు ఫోను చేస్తే సాయంత్రం మందును 18కి తగ్గించారు, రాత్రి పరీక్షలు ఆపొద్దన్నారు. వారం తిరిగేసరికి మూడింటికి 115, 130 మధ్య, పరగడుపున 150 చుట్టుపక్కల వచ్చాయి. మందు తగ్గిస్తే షుగర్ తగ్గడం చూసి అమ్మ చాలాసేపు నమ్మలేదు.

అప్పుడుగానీ నాయన అసలు సంగతి చెప్పలేదు. రాత్రిళ్లు వణుకు, ఆకలి వస్తే చీకట్లోనే డబ్బాలోంచి రెండేసి పల్లి లడ్డూలు తినేవాడట. తిడతామని మాతో అనలేదు. ఇది విన్నాక డాక్టరు, అసలైన సొమోజీ ఎఫెక్ట్ అనుకున్నంత ఎక్కువమందిలో ఉండదనీ, రాత్రి షుగర్ పడిపోయినవాళ్లకు పొద్దున కూడా తక్కువే ఉండడం, చేతికి అంటించుకుని రాత్రంతా షుగర్ చూసే సెన్సర్లతో చూశాక తేలిందనీ చెప్పారు. కాబట్టి మా నాయన 240లో లడ్డూల వాటా ఎంతో, కాలేయం వాటా ఎంతో మీటరు చెప్పలేదు. రాత్రి పడిపోతోందని మాత్రం చెప్పింది, మందు తగ్గించడానికి అది సరిపోయింది.

అదే వారం అమ్మకూ చూశాను. ఆమెకు మాత్రలే. పదిన్నరకు 138, మూడింటికి 134, ఆరున్నరకు 172. ఎక్కడా పడలేదు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి కాలేయం చక్కెర వదులుతుంది, దానికి తగినంత ఇన్సులిన్ ఆమె ఒంట్లో లేదు. ఇది డాన్ ఫినామినన్. ఇక్కడ మందు తగ్గిస్తే పొద్దుటి అంకె ఇంకా పెరుగుతుంది. ఇద్దరికీ పొద్దున షుగర్ ఎక్కువే గానీ, చేయాల్సింది ఒకరికొకటి.

మొదట్లో ఈ మెమరీని ఎంతో మెచ్చుకున్నాను, ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. బ్యాటరీ మార్చాక గడియారం పన్నెండు గంటలు తప్పింది. రెండు నెలలు రాత్రి మూడు కాస్తా మధ్యాహ్నం మూడుగా నమోదైంది, చూపించేటప్పుడు డాక్టరే పట్టుకున్నారు. ఇప్పుడు కాగితం మీద కూడా రాస్తున్నాను. ఇంకో సంగతి, వేలి పరీక్ష చెప్పేది ఆ క్షణం సంగతే. షుగర్ ఒంటిగంటకు పడిపోయి మూడింటికల్లా మళ్లీ పెరిగితే దొరకదు. అందుకే కొన్ని రాత్రులు ఒంటిగంటకూ చూశాను.

పద్నాలుగు రోజుల సెన్సరు కూడా ఒకసారి పెట్టించాం. రాత్రంతా గీత కనిపించడం బాగుంది. కానీ నాయన ఆ చెయ్యి మీద ఒత్తిగిలితే 55 చూపింది, వేలి పరీక్షలో 104 ఉంది. ఖర్చు కూడా మాకు నెలనెలా పెట్టుకునేంత తక్కువ కాదు.

నేను నాయన పక్క గదిలో పడుకుంటాను, లేవగలను కాబట్టి మాకు ఈ మీటరు చాలుతోంది. ఇన్సులిన్ వేసుకుని ఒక్కరే ఉండేవాళ్లకైతే, షుగర్ పడిపోగానే మోగే సెన్సరే కొనమంటాను.