కార్డు బాకీ ఇంకో కార్డుకు మార్చుకోవాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు చూసే మా చిన్నమ్మ కొడుక్కి కార్డు మీద లక్ష రూపాయల బాకీ ఉంది. వడ్డీ నెలకు 3.6 శాతం, అంటే మన లెక్కలో నూటికి మూడు రూపాయల అరవై పైసలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. నెలకు 4,248 రూపాయలు వడ్డీకే పోతుంటే, మినిమమ్ డ్యూ ఐదు వేలు కట్టినా అసలు ఏం తగ్గుతుంది?

వాడికి రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటిది బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్: బాకీ ఇంకో కార్డుకు మారుతుంది, మూడు నెలలు వడ్డీ లేదు, ఫీజు జీఎస్టీతో కలిపి 2,360. నెలకు 34 వేల పైచిలుకు కట్టగలిగితే ఇంతకన్నా చవక ఇంకోటి లేదు. కానీ వాడు నెలకు ఆరు వేలకు మించి కట్టలేడు. మూడు నెలలు దాటాక ఇంకా 84 వేల పైనే మిగులుతుంది, ఆ కార్డులో మళ్లీ అదే మూడున్నర రూపాయల వడ్డీ మొదలవుతుంది. పైగా చాలా కార్డుల్లో పాత బాకీ ఉండగా కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే వాడికి ఇది వద్దన్నాను.

రెండోది రెండేళ్ల పర్సనల్ లోన్. ఇక్కడే అసలు తిరకాసు. ఒక ఏజెంటు "పన్నెండు శాతమే అన్నా" అన్నాడు, బ్యాంకు 16 శాతం అంది, మావాడు పన్నెండు వైపే మొగ్గాడు. ఆ పన్నెండు ఫ్లాట్ రేటు, అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తారు. ఈఎంఐ 5,167. బ్యాంకుది తగ్గే అసలు మీద వడ్డీ, ఈఎంఐ 4,896. ఫ్లాట్ పన్నెండు నిజానికి 21.6 శాతంతో సమానం! శాతం అడగొద్దు, ఈఎంఐని నెలలతో గుణించి చూడండి. అప్పు ఇచ్చేవాళ్లు సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని ఆర్బీఐ నిబంధన, ఫీజులు కలిపిన అసలు రేటు అందులో ఏపీఆర్ అని ఉంటుంది. ఇన్సూరెన్స్ అంటగట్టినా అక్కడే దొరికిపోతుంది.

మావాడికి బ్యాంకు లోనే మేలు. కాకపోతే లక్షకు సంతకం పెడితే 2 శాతం ఫీజు, జీఎస్టీ పట్టుకుని చేతికి 97,640 ఇస్తారు. ఆ తగ్గిన 2,360 చేతి నుంచి వేసి కార్డు మొత్తం కట్టేయాలి, లేకపోతే ఆ చిన్న బాకీ వల్ల వడ్డీ లేని గడువు తిరిగి రాదు. మొత్తం కట్టేసినా, బిల్లు తేదీ నుంచి కట్టిన రోజు దాకా పడిన వడ్డీ వచ్చే నెల బిల్లులో వస్తుంది. అది కూడా కట్టి, బిల్లు సున్నా వచ్చేదాకా ఆ కార్డు గీకకూడదు.