ఏఐ బొమ్మ ప్రెస్సుకి: ఆర్‌జీబీ ఫైలా, సీఎంవైకే ఫైలా? ఏది మేలు?

పూతరేకుల పెట్టెలకీ, సంక్రాంతి క్యాలెండర్లకీ, బట్టలకొట్టు సంచులకీ ఏఐతో బొమ్మలు చేయించడం మొదలయ్యాక మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇదే. "తెర మీద పచ్చగా మెరిసిన చేను పెట్టె మీదకి వచ్చేసరికి వాడిపోయినట్టుంది. ఫైలు ఆర్‌జీబీలోనే ఇచ్చినందుకా? మేమే సీఎంవైకే చేసి ఇవ్వాల్సిందా?" ఆఫ్‌సెట్ పని అయితే మార్చి ఇవ్వడమే మేలు. అలా మార్చినా ఆ పచ్చ మొత్తం తిరిగి రాదు. ఎంత పోతుందో ప్లేటు తీయకముందే మీ కంటికి కనబడుతుంది, అంతే తేడా.

ఒక పనిని పట్టుకుని చూద్దాం. 8×6 అంగుళాల పెట్టె మూత, పైన పూత ఉన్న తెల్ల డుప్లెక్స్ బోర్డు, నాలుగు రంగుల ఆఫ్‌సెట్. బొమ్మలో ముందు లేత ఆకుమడి, పక్కన కొబ్బరిచెట్లు, వెనక మునిమాపువేళ నీలంగా గోదావరి. కోనసీమ అనగానే అందరూ అడిగే బొమ్మ ఇదే. అచ్చులో ఎక్కువ దెబ్బతినే రెండు రంగులూ ఇందులోనే ఉన్నాయి.

పచ్చ ఎందుకు పోతుంది? తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది, కాబట్టి పచ్చ ముదిరినా వెలుగు తగ్గదు. కాగితం మీద పచ్చ అంటే సయాన్ మీద ఎల్లో. సిరా ఎంత పడితే వెలుగు అంత తగ్గుతుంది. ల్యాబ్ అనే రంగుల కొలతలో తెర ఇచ్చే నిండు పచ్చ తేటదనం 88 దగ్గర ఉంటే, పూత కాగితం మీద సయాన్, ఎల్లో నూరేసి శాతం పడ్డ పచ్చ తేటదనం సుమారు 50. అంత మెరుపూ అంత చిక్కదనమూ ఒకేచోట ఇచ్చే సిరా నాలుగు రంగుల్లో లేదు. పైగా ఏఐ బొమ్మల్లో రంగు మొదటినుంచే కాస్త ఎక్కువ పెట్టి ఉంటుంది.

నీలానిది వేరే జబ్బు. ఫోటోషాప్ మామూలు సెట్టింగుల్లో ఆర్‌జీబీ నిండు నీలాన్ని మారిస్తే సయాన్ 88, మెజెంటా 77 వస్తుంది. రెంటి మధ్య తేడా పదకొండే. గోదావరి నీళ్లు వంకాయరంగుకి తిరిగేది ఇక్కడే. నీలం నీలంగా నిలవాలంటే మెజెంటా సయాన్ కంటే కనీసం ముప్ఫై తక్కువ ఉండాలి.

ఇప్పుడు రెండు దారులూ చూడండి. ఆర్‌జీబీ ఫైలు ఇచ్చేస్తే మార్పు ఎక్కడో ఒకచోట తప్పదు: డీటీపీ ఆపరేటర్ కోరల్‌డ్రాలోకి తెచ్చుకున్నప్పుడో, పీడీఎఫ్ తీసేటప్పుడో, ప్లేట్లు బయట తీయించే ప్రెస్సయితే ఆ ప్లేట్ల యూనిట్‌లోనో. ప్రొఫైలు అంటే ఫలానా సిరాతో ఫలానా కాగితం మీద ఏ రంగు ఎలా పడుతుందో చెప్పే ఫైలు. ఆ కంప్యూటర్‌లో ఏ ప్రొఫైలు పెట్టి ఉంటే దాని ప్రకారం జరిగిపోతుంది. పచ్చ ఎంత తగ్గిందో చూసి, ఫర్వాలేదనో బాగాలేదనో చెప్పే మనిషి ఆ దారిలో ఎవరూ ఉండరు. నా లెక్కలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. సాఫ్ట్‌వేర్ తప్పుగా మారుస్తుందని కాదు. కుదించాల్సి వచ్చినప్పుడు ఆకుమడిని కాపాడాలా, ఆకాశాన్ని కాపాడాలా అన్నది బొమ్మ ఎవరిదో వాళ్లే తేల్చాలి.

మీరే మార్చేటట్టయితే ముందు ప్రెస్సుని ఒక్క మాట అడగండి: ఏ ప్రొఫైలులో కావాలి? చెబితే అదే వాడాలి. "ఏదైనా ఫర్వాలేదు" అంటే పూత ఉన్న బోర్డుకి `Coated FOGRA39` సరిపోతుంది. మ్యాప్‌లిథో లాంటి పూత లేని కాగితానికి పూతలేని ప్రొఫైలే తీసుకోవాలి, ఎందుకంటే అక్కడ సిరా పీల్చుకుపోయి రంగు ఇంకా దిగుతుంది.

ఏఐ ఇచ్చే పీఎన్‌జీలో చాలాసార్లు ప్రొఫైలు ఉండదు. తెరవగానే `Assign Profile`తో `sRGB` తగిలించాలి. ఆ తర్వాత `Proof Setup`లో మీ ప్రెస్సు ప్రొఫైలు ఎంచుకుని `Ctrl+Y` నొక్కితే అచ్చులో ఎలా ఉండబోతోందో ఇంచుమించుగా కనబడుతుంది. `Shift+Ctrl+Y` నొక్కితే సిరాకి అందని చోట్లన్నీ బూడిదరంగుగా మారతాయి. ఈ బొమ్మలో ఆకుమడి ముప్పాతిక వంతు బూడిదయిపోతుంది. కంగారు పడక్కర్లేదు. `Hue/Saturation`లో గ్రీన్స్ ఒక్కటే పట్టుకుని చిక్కదనం పదిహేను, ఇరవై తగ్గించండి. రంగుని కొంచెం పసుపు వైపు జరపండి. ఎల్లో సిరా అన్నిటికంటే తేటగా ఉంటుంది కాబట్టి, పసుపు వైపు ఒరిగిన పచ్చ కాగితం మీద లేతగా, ఎండ పడినట్టు కనబడుతుంది. ఆకుమడి అసలు రంగు కూడా అదే కదా.

ఇది అయ్యాకే `Convert to Profile`. ఇక్కడ మళ్లీ రెండు ఇంటెంట్లు: `Relative Colorimetric`, `Perceptual`. మొదటిది సిరాకి అందే రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు ఉంచి, అందనివాటిని అంచుకి తోసేస్తుంది. ముఖాలు, నగలు, చీరల బొమ్మలకి అది మంచిది. చేనుకి మాత్రం కాదు. నాలుగైదు రకాల పచ్చలు అంచు దగ్గర ఒకే పచ్చగా కలిసిపోయి, పైరు గడ్డిచాపలా ముద్దగా పడుతుంది. `Perceptual` మొత్తాన్ని దగ్గరకి లాగుతుంది, అంచేత పచ్చ పచ్చకీ మధ్య ఉన్న తేడా నిలుస్తుంది. ఆకుమడికి అదే వాడండి.

మారాక ఇన్ఫో ప్యానెల్ తెరిచి, వెలుగు పడ్డ ఆకుల మీద కర్సర్ పెట్టి అంకెలు చదవండి. మెజెంటా ఐదు లోపు ఉంటే పచ్చ శుభ్రంగా వస్తుంది. పది దాటిందంటే బురద కలిసినట్టే. `Selective Color`లో గ్రీన్స్ నుంచీ ఎల్లోస్ నుంచీ మెజెంటా తీసేయండి. గోదావరి నీళ్ల దగ్గర కూడా బ్లూస్‌లో ఇదే పని. ఫైలు టిఫ్‌గా దాచండి, పీఎన్‌జీలో సీఎంవైకే ఉండదు. ఆర్‌జీబీ అసలు ఫైలుని విడిగా ఉంచుకోండి, రేపు వేరే కాగితం మీద వేయాలంటే మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టాలి.

అయితే ఆర్‌జీబీ ఎప్పుడు మేలు? డిజిటల్ ప్రెస్సులో వంద, రెండు వందల కాపీలు వేయించేటప్పుడు. ఆ యంత్రం తన టోనర్‌కి తగ్గ ప్రొఫైలుతో తనే మారుస్తుంది. మీరు ముందే ఆఫ్‌సెట్ ప్రొఫైలులో కుదించి ఇస్తే దానికి అందే రంగు కూడా పోగొట్టినవాళ్లవుతారు. ఒక కాపీ వేయించి కళ్లారా చూసుకునే వీలూ అక్కడ ఉంది. ఆఫ్‌సెట్ వాళ్లే తమ ప్రొఫైలుతో మార్చి, ప్రూఫ్ చూపించి సంతకం తీసుకునే పద్ధతి ఉన్నా ఆర్‌జీబీ ఇవ్వొచ్చు.

అక్షరాల సంగతికొస్తే అసలు పోలికే లేదు. బొమ్మలో ఏఐ రాసిన తెలుగు ఒత్తులు తరచు అతుకులబొంతలా ఉంటాయి. ఉన్నది చెరిపేసి కోరల్‌లో కొత్తగా టైపు చేయాల్సిందే. నల్ల అక్షరం కే నూరు ఒక్కటే ఉండాలి. ఆర్‌జీబీ నలుపు ఫోటోషాప్ మామూలు సెట్టింగుల్లో మారితే సయాన్ 75, మెజెంటా 68, ఎల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. నాలుగు ప్లేట్లలో ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా "ఆత్రేయపురం"లోని క్రావడి చుట్టూ రంగు నీడ కనబడుతుంది. అను ఫాంట్లు వాడితే కర్వ్స్‌లోకి మార్చి ఇవ్వండి. ఆఖరి పీడీఎఫ్‌ని అక్రోబాట్ ప్రో `Output Preview`లో తెరిచి బ్లాక్ టిక్ తీసేయండి. అక్షరాలు పూర్తిగా మాయమైతే సరిగ్గా ఉన్నట్టు, నీడలా మిగిలితే ఎక్కడో మళ్లీ మార్పు జరిగినట్టు.

బ్లీడు నాలుగు పక్కలా 3 మిల్లీమీటర్లు. మూత 203.2×152.4 కాబట్టి ఫైలు 209.2×158.4 మిల్లీమీటర్లు. ఏఐ బొమ్మకి బ్లీడు ఉండదు, అంచుదాకా బొమ్మే. దాన్ని పెద్దది చేసి అంచుని కోతకి ఇచ్చేయడమా, ఫోటోషాప్ `Generative Expand`తో కొత్త అంచు పుట్టించడమా? మూడు మిల్లీమీటర్ల కోసం పుట్టించనక్కర్లేదు, పెద్దది చేస్తే చాలు. అంచున ముగ్గులాంటి చట్రం ఉంటే మాత్రం రెండూ పనికిరావు. కోత ఒక మిల్లీమీటరు జరిగితే ఒక పక్క లావుగా, ఒక పక్క సన్నగా తేలిపోతుంది. చట్రాన్ని తీసేయడమే సుఖం. అక్షరాలు కోత గీతకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

రిజల్యూషన్ లెక్క కూడా ఈ కొలత మీదే వేయాలి. 300 పీపీఐకి 2471×1871 పిక్సెళ్లు కావాలి. బొమ్మ 1536×1024 వచ్చిందనుకోండి. మూత ఆకారానికి కత్తిరిస్తే 1352×1024 మిగులుతుంది, అంటే 164 పీపీఐ. ఇమేజ్ సైజులో `Resample` టిక్ తీసి చూస్తే ఈ నిజం బయటపడుతుంది. టిక్ ఉంచి 300 అని కొడితే అంకె మారుతుంది గానీ వివరం పుట్టదు. అప్‌స్కేలర్‌తో రెండింతలు చేస్తే 328, చాలు. 150 లైన్ల స్క్రీనుకి పొలం, నీళ్ల లాంటివి 225 దగ్గరైనా సరిపోతాయి. పెంచాక 100 శాతం దగ్గర కొబ్బరాకులు చూడండి. ప్లాస్టిక్ దువ్వెనలా కనబడితే పెంచడం ఎక్కువైనట్టు. వెనక రాజమండ్రి ఆర్చి వంతెన పెట్టించి ఉంటే దాన్నీ చూడండి. చిన్నగా ఉన్నప్పుడు మసకలో దాగిన వంకర ఆర్చి, పెంచాక స్పష్టమైన వంకర ఆర్చి అవుతుంది. రంగులు మార్చడానికి ముందే, ఆర్‌జీబీలో ఉండగానే పెంచండి.

ఫ్లెక్సీకి ఇంత బాధ లేదు. అసలు సైజులో 72 నుంచి 100 పీపీఐ, ఆర్‌జీబీ ఫైలు, అంతే. స్క్రీన్ ప్రింటింగ్ శుభలేఖలకి ఇలాంటి రంగుల బొమ్మ కుదరదు, ఒకటి రెండు రంగుల గీతబొమ్మ చేయించుకోవాలి.

ఏ ఫైలైనా ప్రెస్సుకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా వెళితే పిక్సెళ్లు తగ్గి, మీరు పెంచిన 328 అక్కడే పోతుంది.