యూట్యూబ్ స్టూడియో అనలిటిక్స్: దొంగ వ్యూస్ పట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

వ్యవసాయం, వంట, స్కూలు పాఠాలు చెప్పే చిన్న తెలుగు చానళ్లు కొన్నింటికి అంకెలు చూసిపెట్టే పని నాది. ఏళ్ల తరబడి రోజూ తెరుస్తున్నది యూట్యూబ్ స్టూడియోలోని అనలిటిక్స్ పేజీనే. డబ్బు కట్టి వాడే బయటి టూల్స్ కూడా చూశాను. మనుషులు కాక ప్రోగ్రాములు పుట్టించే బాట్ వ్యూస్, కొన్న లైకులు పట్టుకునే విషయంలో నాకు అక్కరకొచ్చింది మాత్రం ఈ ఉచిత పేజీయే. ఓనర్ అనుమతి ఇవ్వకపోతే బయటి టూల్‌కి కనిపించేది అందరికీ కనిపించే వ్యూ కౌంట్, లైకులు, కామెంట్ల లాంటివి మాత్రమే. ఆ వ్యూ ఏ దారిన వచ్చింది, ఎన్ని సెకన్లు నిలిచింది, ఏ దేశం నుంచి వచ్చింది అన్న వివరాలు స్టూడియో లోపలే ఉంటాయి.

అయితే ‘ఇవి బాట్ వ్యూస్’ అని స్టూడియో ఎక్కడా రాసి చూపించదు. నాలుగైదు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని మనమే తేల్చుకోవాలి. అదెలాగో ఒక వీడియో మీద చెబుతాను.

అనంతపురం వైపు చీనీ, అంటే బత్తాయి తోటల గురించి వీడియోలు చేసే ఒక రైతు చానల్ అది. నీళ్లు ఆపి తోటను బెట్టకు వదిలి పూత తెప్పించడం మీద పదకొండు నిమిషాల వీడియో పెట్టారు. ఆ చానల్‌లో కొత్త వీడియోకి మొదటి రెండు రోజుల్లో మూడు నాలుగు వేల వ్యూస్ వస్తాయి. దీనికి 41 వేలు వచ్చాయి. ఆయన సంతోషంగా ఫోన్ చేశారు: “తమ్ముడూ, మన వీడియో ఎట్ల లేచిందో చూసినావా?”

నేను ముందు చూసింది వ్యూస్ కాదు, ఇంప్రెషన్స్. యూట్యూబ్ తన పేజీల్లో మన థంబ్‌నెయిల్‌ని ఎన్నిసార్లు చూపించిందో ఆ అంకె చెబుతుంది. ఈ వీడియోకి ఇంప్రెషన్స్ 92 వేలు, క్లిక్ రేటు 5 శాతం. అంటే థంబ్‌నెయిల్ చూసి నొక్కినవాళ్ల వల్ల వచ్చిన వ్యూస్ 4,600. నోటిఫికేషన్లు, బయటి లింకులు ఈ లెక్కలోకి రావు కాబట్టి కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. కానీ 41 వేలల్లో 36 వేలకు పైగా యూట్యూబ్ చూపించకుండానే వచ్చాయంటే, అవి ఎక్కడినుంచి వచ్చాయో చూడక తప్పదు. వీడియో నిజంగా ‘లేస్తే’ ఇంప్రెషన్స్ ముందు పెరుగుతాయి, వ్యూస్ వాటి వెనక వస్తాయి. ఇంప్రెషన్స్ కదలకుండా వ్యూస్ మాత్రం ఎగిరితే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఈ ఒక్క పోలిక చేయడానికి రెండు నిమిషాలు చాలు, అయినా ఇది చేసే చానల్ ఓనర్లు చాలా తక్కువమంది.

తర్వాత వ్యూస్ ఏ దారిన వచ్చాయో చెప్పే Traffic source రిపోర్టు. దీన్ని కంప్యూటర్‌లో Advanced mode తెరిచి చూడాలి, ఫోన్ యాప్‌లో ఇంత లోతుగా కుదరదు. ఈ వీడియోకి బయటి సైట్లు, యాప్‌ల నుంచి వచ్చే External, ఇంకా Direct or unknown రెండూ కలిపి దాదాపు 35 వేలు. ఇక్కడ తొందరపడకూడదు. తెలుగు చానళ్లకు External ఎక్కువ రావడం వింతేమీ కాదు. రైతుల వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పంచుకుంటే ఒక్కరాత్రిలో వేల వ్యూస్ రావచ్చు. Direct or unknown అన్నది కూడా ఎక్కడినుంచో తెలియని వ్యూస్ అన్నీ పడే చోటే. అందుకే External మీద నొక్కి లోపలి పేర్లు చూడాలి. మామూలుగా అక్కడ వాట్సాప్, గూగుల్ సెర్చ్, ఫేస్‌బుక్ ఉంటాయి. ఈ వీడియోకి ఎప్పుడూ వినని సైట్ల పేర్లు వరసగా ఉన్నాయి, వాటిలో ఒక్కదానికీ వ్యవసాయంతో సంబంధం లేదు. Playback location చూస్తే, ఎక్కువ భాగం యూట్యూబ్ పేజీలో కాక వేరే సైట్లలో ఎంబెడ్ అయిన ప్లేయర్లలో ఆడినవే.

ఇంత దొరికినా నేను ఖాయం చేసుకోలేదు. ఖాయం చేసింది రిటెన్షన్ గ్రాఫ్, అంటే వీడియోలో ఏ క్షణం దాకా ఎంత శాతం మంది నిలిచారో చూపే గీత. స్టూడియోలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. మనుషులు చూసే వీడియోలో గీత మొదటి ముప్పై సెకన్లలోనే గట్టిగా పడుతుంది, ఎందుకంటే తమకు కావలసింది కాదని తెలిసినవాళ్లు అక్కడే వెళ్లిపోతారు. తర్వాత నెమ్మదిగా వాలుతుంది. ఎరువుల మోతాదు చెప్పే చోట వెనక్కి తిప్పి చూస్తారు కాబట్టి అక్కడ కాస్త లేస్తుంది. ఈ వీడియోలో మొదటి నిమిషమంతా గీత 95 శాతం దగ్గర బల్లపరుపుగా ఉంది. సరిగ్గా నిమిషం దాటగానే 10 శాతానికి పడిపోయింది. అన్ని వేలమంది ఒకే సెకనులో లేచి వెళ్లరు. వ్యూస్ అమ్మేవాళ్లు ‘30 సెకన్లు’, ‘60 సెకన్లు’ అని నిలిచే సమయాన్ని బట్టి ధర చెబుతారు. ఆ ధరల పట్టికే ఇక్కడ గ్రాఫ్‌లో కనిపించింది. ఎప్పుడూ నాలుగు నిమిషాల దగ్గర ఉండే సగటు చూసే సమయం నిమిషం ఇరవై ఆరు సెకన్లకు దిగింది.

చాలామంది ఆ పడిపోయిన చోటునే చూస్తారు. నా అనుభవంలో అంతకంటే గట్టి గుర్తు మొదట్లో పడకపోవడం. ఇంకాస్త ఎక్కువ ధర పెట్టి కొన్న ‘హై రిటెన్షన్’ వ్యూస్‌కి మధ్యలో ఈ మెట్టు కూడా ఉండదు, గీత చివరిదాకా చదునుగా పోతుంది. కానీ మొదటి ముప్పై సెకన్లలో మనుషులు జారిపోయే వాలు వాటిలో ఉండదు. చానల్‌లోని పాత వీడియోల గ్రాఫ్‌తో పోలిస్తే ఇది ఇట్టే తెలిసిపోతుంది.

గంటలవారీ గ్రాఫ్ కూడా ఒకసారి చూడండి. తెలుగు చానల్ అయితే రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా గీత నేలకు దిగి, రాత్రి ఎనిమిది, పది మధ్య బాగా లేస్తుంది. ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి, రాత్రి తొమ్మిదింటికి కడ్డీలు ఒకే ఎత్తులో ఉన్నాయి. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా చూసే చానల్‌కి మన అర్ధరాత్రి కూడా వ్యూస్ రావడం మామూలే, అక్కడ అప్పుడు పగలు కదా. అలాంటప్పుడు Geography రిపోర్టులో అమెరికా వాటా పెద్దగా కనిపిస్తుంది. మన చీనీ వీడియోకి అలా లేదు. భారత్ వాటా సగానికి పడిపోయింది. మిగతాది తెలుగువాళ్లు పెద్దగా లేని దేశాల నుంచి వచ్చింది. సబ్‌టైటిల్స్ కూడా లేని తెలుగు వీడియో అది. గల్ఫ్ దేశాలు కనిపిస్తే నేను అనుమానించను, అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: ‘ఇండియా వ్యూస్’ అని విడిగా కూడా అమ్ముతారు. దేశం సరిగ్గా ఉన్నంత మాత్రాన వ్యూస్ నిజమైనవని అనుకోకూడదు.

లైకుల సంగతి త్వరగా తేలిపోయింది. రెండు వేల లైకులు దాదాపు ఒకే గంటలో పడ్డాయి. కామెంట్లలో ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో రెండు మాటల మెచ్చుకోళ్లు. చీనీ గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ చానల్ కింద ఎప్పుడూ ‘బెట్ట ఎన్ని రోజులు పెట్టాల?’, ‘మా తోట ఆరేళ్లది, ఇప్పుడు చేయొచ్చా?’ అని అడుగుతుంటారు.

ఇవన్నీ స్క్రీన్ మీద చూపించి అడిగాను: “అన్నా, దీన్ని ఎవరికైనా ప్రమోషన్‌కి ఇచ్చారా?” ఆయన ఆశ్చర్యపోయారు. ఊళ్లో తెలిసిన అబ్బాయి ‘ఆర్గానిక్ ప్రమోషన్’ అని చెప్పి డబ్బు తీసుకున్నాడట. అది వ్యూస్ కొనడమేనని ఆయనకు తెలియదు. కానీ యూట్యూబ్ నియమాల్లో తెలియదన్న మాట పనిచేయదు. ప్రచారానికి పెట్టుకున్న మనిషి ఏ దారి తొక్కినా చానలే జవాబు చెప్పాలని ఫేక్ ఎంగేజ్‌మెంట్ పాలసీ స్పష్టంగా చెబుతుంది. వీడియో తీసేయవచ్చు, స్ట్రైక్ పడవచ్చు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది. యాడ్స్ ఉన్న వీడియో అయితే ఇన్‌వాలిడ్ ట్రాఫిక్ కింద వచ్చిన డబ్బు వెనక్కి కోస్తారు, ఖాతాకి యాడ్స్ తగ్గిస్తారు. అంకెలు చూడగానే కదలాలని నేను చెప్పేది అందుకే.

ఆ రోజే ఆ వీడియో మీద యాడ్స్ ఆపించాను. వీడియో వివరాల కింద Show more నొక్కితే వచ్చే Allow embedding టిక్ తీయించాను, ఎందుకంటే ఈ వ్యూస్ చాలావరకు ఎంబెడ్ దారినే వస్తున్నాయి. మిగిలిన ‘ప్యాకేజీ’ ఆపమని ఆ అబ్బాయికి రాతపూర్వకంగా మెసేజ్ పెట్టించాను. యాడ్స్ డబ్బు చెల్లించే గూగుల్ యాడ్‌సెన్స్‌లో అనుమానాస్పద ట్రాఫిక్ గురించి మనంతట మనమే తెలియజేసే ఫారం ఉంది, గ్రాఫ్‌లో కనిపించిన తేదీలు, సైట్ల పేర్లతో అది నింపాం. వారం తిరిగేలోపు 41 వేలు 12 వేలకు తగ్గాయి. ఆయన కంగారుపడ్డారు గానీ, నాకది మంచి కబురే. యూట్యూబ్ వడపోత తన పని చేసిందని దాని అర్థం. మీ కౌంట్ ఎప్పుడైనా ఇలా వెనక్కి వెళితే దాన్ని అన్యాయంగా కాకుండా హెచ్చరికగా తీసుకుని పైన చెప్పిన రిపోర్టులు తెరవండి.

మీరేమీ కొనకపోయినా ఇలాంటివి రావచ్చు. ఎవరైనా మీ లింకు ఏదో సైట్లో పెట్టి నడపవచ్చు. అప్పుడు చేయాల్సినవి కూడా ఇవే. స్టూడియోలోనే డబ్బు కట్టి ప్రమోట్ చేసుకున్న వ్యూస్ మాత్రం వేరు. అవి YouTube advertising అని విడిగా కనిపిస్తాయి. వాటిలోనూ చూసే సమయం తక్కువగానే ఉంటుంది. అవి నియమాలకు లోబడినవే, కాకపోతే మానిటైజేషన్‌కి కావలసిన 4,000 గంటల్లో కలవవు.

ఇక లోపాలు. మొదటిది ఆలస్యం. గంటలవారీ వ్యూస్ వెంటనే కనిపిస్తాయి గానీ, రిటెన్షన్ లాంటి గట్టి సాక్ష్యం చేతికి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మనకు తొందర ఉండేది సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే. రెండోది చిన్న చానళ్ల ఇబ్బంది: వ్యూస్ తక్కువగా ఉంటే దేశాలు, వయసుల వివరాలు అసలు చూపించదు. వందల్లో వ్యూస్ వచ్చే చానల్ మీద ఎవరైనా బాట్లు వదిలితే పోల్చుకోవడానికి పాత లెక్క ఉండదు.

మూడోది నన్ను బాగా ఇబ్బంది పెట్టేది. ఇప్పుడు వ్యూస్‌ని ఒక్కసారిగా కాక, రోజుకు కొన్ని వందల చొప్పున చుక్కచుక్కగా పోసే పద్ధతి వచ్చింది. గంటల గ్రాఫ్‌లో అది తెలియదు. రిటెన్షన్ గీత కూడా నిజమైన ప్రేక్షకులతో కలిసిపోయి కాస్త మాత్రమే వంగుతుంది. వీటికి నేను వాడేది ఒకటే దారి: Advanced mode లో 90 రోజుల కాలం పెట్టి, Traffic source వారీగా సగటు చూసే సమయాన్ని విడదీయడం. సెర్చ్, సజెస్టెడ్ నుంచి వచ్చినవాళ్లు నాలుగు నిమిషాలు చూస్తూ, External నుంచి వచ్చినవాళ్లు ప్రతి రోజూ దాదాపు ఒకే అంకె దగ్గర ఆగుతుంటే అది మనుషుల తీరు కాదు. వాట్సాప్ నుంచి వచ్చేవాళ్ల సమయం రోజురోజుకీ ఊగుతూ ఉంటుంది. ఈ తేడా కనిపెట్టడానికి కనీసం రెండు మూడు వారాల డేటా కావాలి, అంతకంటే ముందు స్టూడియో నుంచి నాకు జవాబు దొరకలేదు.