ముఖం ఫొటోలో ప్లాస్టర్ తీయించదలచిన వారికి హెచ్చరిక

మా నాన్నగారి సంవత్సరీకానికి పెద్ద పటం కట్టించాలనుకున్నాము. చివరి రోజుల్లో తీసిన ఫొటోల్లో ఆయన నవ్వుతూ ఉన్నది ఒక్కటే. అందులో కుడి చెంప మీద ప్లాస్టర్ ఉంది. దాన్ని తీసేసి కింది చర్మాన్ని సహజంగా తెప్పిస్తామని చెప్పిన ఆన్‌లైన్ రీటచింగ్ సేవకు ఆ పని అప్పగించి, డబ్బు మొత్తం ముందుగానే చెల్లించాము.

ఫోన్ తెరపై చిన్నగా చూసినప్పుడు ఫొటో బాగానే కనిపించింది. పెద్దది చేసి చూసేసరికి అమ్మ ఏడ్చింది. నాన్నగారి పుట్టుమచ్చ ఎడమ చెంప మీద మాత్రమే ఉండేది. ఈ ఫొటోలో రెండు చెంపల మీదా ఉంది. అంటే ఎడమ చెంపను తిరగేసి కుడివైపు అతికించి, అంచులను మసకబరిచి వదిలేశారు. వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి పడుతున్నందున నీడలో ఉండాల్సిన కుడి చెంప మెరుస్తోంది. అతుకు చుట్టూ గరుకుదనం పోయి చర్మం మైనం పూసినట్టు ఉంది, నెరిసిన గడ్డం ఒక గీత దగ్గర ఆగిపోయింది.

ఈ లోపాలన్నీ వివరంగా రాసి, సరిచేయమని కోరితే వచ్చిన జవాబు ఇది: "పోయిన మనిషి ఫొటోలో చర్మం ఎవరు చూస్తారండీ?" మేము చూస్తాము. ఆయనను చూసుకోవడానికి మాకు మిగిలింది ఆ ముఖమే. డబ్బు పోయిన బాధ కన్నా ఆ మాట వల్ల కలిగిన బాధ ఎక్కువ.

తర్వాత మా ఊరి స్టూడియోలో ఒక పెద్దాయన ఇదే పనిని మా కళ్ల ముందు చేశారు. ప్లాస్టర్ కింద ఏముందో ఫొటోలో లేదు కాబట్టి, అదే చెంప కనిపించే పాత ఫొటో ఒకటి తెమ్మని ముందే అడిగారు. మొదట అసలు ఫొటో మీద పరిచే విడి పొరలో, అంటే ఒక లేయర్‌లో, చర్మపు రంగును, నీడను మాత్రమే మెత్తని బ్రష్‌తో నింపారు. మచ్చలను కప్పే హీలింగ్ బ్రష్ అనే పరికరం చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది కనుక, తెల్లటి ప్లాస్టర్ ఉండగానే దాని అంచున వాడితే పాలిపోయిన మరక మిగులుతుందని చెప్పారు. ఆ తర్వాత వేరే లేయర్‌లో, ప్లాస్టర్‌కు పక్కనే ఉన్న చర్మం నుంచి చిన్న చిన్న ముక్కలుగా గరుకుదనాన్ని తెచ్చారు. ఒకేచోటి నుంచి పదే పదే తీస్తే అవే రంధ్రాలు వరుసగా కనబడి పని బయటపడుతుందట. నుదుటి చర్మపు గరుకుదనం వేరుగా ఉంటుంది కనుక చెంపకు పనికిరాదన్నారు. గడ్డం వెంట్రుకలను అవి పెరిగే దిక్కులోనే ఒక్కొక్కటిగా గీశారు. చివరికి ఫొటో అంతటా ఉన్న సన్నని చుక్కల్లాంటి గ్రెయిన్‌ను ఆ భాగానికీ ఇచ్చారు.

ఇలాంటి పని చేయించేవారు ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అందులో కుదింపు వల్ల చర్మపు వివరం పోతుంది. అసలు ఫైలే ఇవ్వండి. నూరు శాతం పరిమాణంలో చూడనిదే మిగతా సొమ్ము చెల్లించకండి, లేయర్లతో ఉన్న ఫైలును కూడా అడిగి తీసుకోండి.